ఇద్దరూ నాన్న వైపే, ఒకడే అన్నయ్య

మొన్న వేసవి సెలవులకి తెనాలి పక్కన మా ఊళ్ళో పిల్లలంతా చేరారు. మా అన్నయ్య కొడుకు బన్నీ, మా చెల్లెలి కొడుకు చింటూ, మా అమ్మాయి. మగపిల్లలిద్దరికీ పదకొండేళ్ళు, మధ్యలో రెండు నెలల తేడా. మా అమ్మాయికి తొమ్మిది. వసారాలో కూర్చుని ముంజలు తింటూ బన్నీని "అన్నయ్యా" అంది, చింటూని "చింటూ" అంది. వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది. "పేరు పెట్టి పిలవకే. బావ అనాలి."

రాత్రి పడుకునే ముందు మా అమ్మాయి నన్నడిగింది. "బన్నీ అన్నయ్య అయితే చింటూ ఎందుకు కాడు?"

చిన్నప్పటినుంచీ వింటున్న జవాబే చెప్పాను. మన భాషలో అమ్మ వైపు వాళ్ళకో మాట, నాన్న వైపు వాళ్ళకో మాట ఉంటుందమ్మా, అందుకని. అది కాసేపు ఆలోచించింది. "బన్నీ వాళ్ళ నాన్న నీకు అన్నయ్య. చింటూ వాళ్ళమ్మ నీకు చెల్లి. మరి ఇద్దరూ నాన్న వైపే కదా?"

అవును, ఇద్దరూ నాన్న వైపే. నలభై ఏళ్ళుగా ఈ మాటలు వాడుతున్నాను. తెలుగు చుట్టరికాల గొప్పతనం గురించి స్నేహితులతో వాదించాను కూడా. కానీ నేను చెప్పే కారణం తప్పని తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్క ప్రశ్నతో తేల్చేసింది. ఈ వ్యాసం దానికి ఇవ్వాల్సిన అసలు జవాబు. రాస్తూ పోయాక తెలిసింది, ఆ జవాబులో మా ఇంటి కథ కూడా ఉందని.

ముందు లెక్క సరిచూసుకుందాం. అమ్మ వైపు చూసినా అదే చిక్కు. పెద్దమ్మ కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ. ఇద్దరూ అమ్మ వైపే. పోనీ ఇంటిపేరు చూసి విడదీశారేమో అనుకుందామంటే అదీ కుదరదు. బన్నీది మా ఇంటిపేరే, చింటూది వేరే ఇంటిపేరు, అక్కడిదాకా బాగానే ఉంది. కానీ మా పెద్దమ్మ పిల్లల ఇంటిపేరు మాది కాదు, మా మేనమామ పిల్లల ఇంటిపేరూ మాది కాదు. అయినా ఒకళ్ళు తోబుట్టువులు, ఒకళ్ళు బావామరదళ్ళు. వైపూ ఇంటిపేరూ రెండూ ఈ గీతకి కారణం కావు.

గీత ఎక్కడుందంటే, మన అమ్మానాన్నల తరంలో. నాన్న, ఆయన అన్నదమ్ములు: మగా మగా. అమ్మ, ఆమె అక్కచెల్లెళ్ళు: ఆడా ఆడా. ఈ రెండు జతల పిల్లలంతా ఒకళ్ళకొకళ్ళు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మాటల్లోనే చూడండి, నాన్న అన్న పెద్దనాన్న, అమ్మ చెల్లి చిన్నమ్మ. నాన్న, అమ్మ అన్న మాటలే కొంచెం పొడిగించి వాళ్ళకిచ్చాం. కోస్తాలో బాబాయి, పిన్ని అన్నా, తెలంగాణలో కాక అన్నా, సీమలో చిన్నాయన అన్నా వాళ్ళు కూర్చునే పీట మారదు. అదే జతలో ఒక అన్నా ఒక చెల్లీ, అంటే ఒక మగా ఒక ఆడా ఉంటే, అక్కడ దారి అడ్డం తిరుగుతుంది. నాన్న అక్క మేనత్త, అమ్మ తమ్ముడు మేనమామ. అత్తలో నాన్న లేడు, మామలో అమ్మ లేదు. వాళ్ళ పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు, బావమరుదులు. నేను, నా చెల్లీ ఒక మగా ఒక ఆడా. అందుకే మా అమ్మాయికి చింటూ బావ అయ్యాడు.

మాట్లాడేవాళ్ళు మారితే గీత కూడా జరుగుతుంది. నాకు మా అన్నయ్య కొడుకు కొడుకు వరస, చెల్లెలి కొడుకు మేనల్లుడు. నా భార్యకి తన అక్క కొడుకు కొడుకు, తన అన్న కొడుకు మేనల్లుడు. మేనల్లుడు అన్న మాటలోనే అల్లుడున్నాడు, మేనకోడల్లో కోడలుంది. ఇక అత్త అన్న మాట చూడండి. నాన్న అక్కో చెల్లెలో అత్త. మేనమామ భార్య అత్త. పెళ్ళయ్యాక మొగుడి తల్లో పెళ్ళాం తల్లో కూడా అత్తే, ఒక గారు చేరుస్తాం, అంతే. ముగ్గురు మనుషులకి ఒకే మాట ఎలా సరిపోయింది? మేనత్త కొడుకునో మేనమామ కొడుకునో చేసుకునే ఇంట్లో ఆ ముగ్గురూ నిజంగానే ఒకే మనిషి కావచ్చు కాబట్టి. మామ అన్న మాటకీ అంతే.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది, రక్తసంబంధం బొత్తిగా లేనివాళ్ళ సంగతి. నా భార్య మా వదినని "అక్కా" అంటుంది. వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు, పెళ్ళికి ముందు ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు. మా చెల్లెలి భర్తని "అన్నయ్యగారూ" అంటుంది, ఆయనా ఆవిడకి ఏమీ కాడు. కానీ మా అన్నయ్య ఆవిడకి బావ. బావకి భార్య అయినావిడ తనకి అక్క కావాల్సిందే. మా చెల్లెలు ఆడపడుచు. ఆడపడుచుని చేసుకున్నవాడు తనకి అన్నో తమ్ముడో కావాల్సిందే. ఒక తరంలో ఉన్న మనుషులందర్నీ ఈ భాష రెండే గదుల్లో సర్దుతుంది. ఒకటి తోబుట్టువుల గది, రెండోది పెళ్ళికి పనికొచ్చేవాళ్ళ గది. మూడో గది లేదు. దీన్నే మనం వరస అంటాం. "ఆయన నీకేమవుతాడు?" అనడిగితే "అన్న వరస" అని జవాబు చెప్తాం. ఆ జవాబులో ఆయన ఎవరి కొడుకో లేదు, ఆయనింటి పిల్లతో మనకి పెళ్ళి మాట కుదురుతుందా కుదరదా అన్నదే ఉంది. ఆ గీత దాటితే వావి తప్పడం. తెలుగులో దాన్ని మించిన నింద తక్కువ.

కాబట్టి నేను అనేది ఇది. మన చుట్టరికపు మాటలు ఎవరెవరి రక్తం పంచుకున్నారో చెప్పే పట్టిక కావు. ఎవరు ఎవర్ని చేసుకోవచ్చో, ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి వెళ్ళాలో తరతరాలుగా రాసుకున్న ఒప్పందం. రక్తం లెక్కన బన్నీ, చింటూ ఇద్దరూ మా అమ్మాయికి సమాన దూరం. పెద్దనాన్న కొడుకుతోనూ మేనత్త కొడుకుతోనూ సగటున పంచుకునే జన్యువుల వాటా ఒకటే, 8లో 1 వంతు. ఒకణ్ణి తోబుట్టువనీ ఒకణ్ణి పెళ్ళికొడుకనీ విడదీసింది ప్రకృతి కాదు, మనమే.

ఈ సంగతి బయటివాళ్ళు పట్టుకుని 150 ఏళ్ళు దాటింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే లాయరు అక్కడి సెనెకా ఆదివాసుల చుట్టరికాలు రాసుకుంటూ, వాళ్ళు నాన్న సోదరుణ్ణి కూడా నాన్న అనే మాటతోనే పిలవడం చూశాడు. క్రైస్తవ మిషనరీల ద్వారా దక్షిణ భారతం నుంచి తమిళుల పట్టిక తెప్పించుకుంటే, రెండూ దాదాపు ఒకే తీరులో ఉన్నాయి. 1871లో వచ్చిన ఆయన పెద్ద గ్రంథానికి ఈ పోలిక ఒక మూలస్తంభం. అయితే సెనెకాలకీ మనకీ తేడా ఉంది. వాళ్ళలో మేనత్తకి ఒక మాట, అత్తగారికి వేరే మాట. మనకి రెండూ ఒకటే. ఫ్రెంచి పరిశోధకుడు లూయీ ద్యుమో 1953లో రాసిన వ్యాసంలో ఈ దక్షిణాది మాటలు పెళ్ళి సంబంధాన్ని తరం నుంచి తరానికి మోసుకెళ్తాయని వాదించాడు. నాన్నకి బావమరిది అయినవాడు నాకు మామ అవుతాడు. ఆయన తల్లివైపు బంధువు కావడం కంటే నాన్నకి పెళ్ళి ద్వారా చుట్టం కావడం ముఖ్యం. చదివినప్పుడు నాకు మా అమ్మాయి ప్రశ్నే గుర్తొచ్చింది. వైపు కాదు, పెళ్ళి.

అమ్మ వైపు, నాన్న వైపు అన్న వివరణ అబద్ధమేమీ కాదు, కాకపోతే అది హిందీకి సరిపోయే వివరణ. హిందీలో నాన్న తమ్ముడు చాచా, అమ్మ తమ్ముడు మామా, అమ్మ చెల్లెలి భర్త మౌసా, నాన్న చెల్లెలి భర్త ఫూఫా. ఎవరి వైపు ఎవరో నిక్కచ్చిగా తెలుస్తుంది. కానీ వాళ్ళ పిల్లల దగ్గరికొచ్చేసరికి అందరూ భాయీ బహన్‌లే. చచేరా, మమేరా, ఫుఫేరా, మౌసేరా అని ముందు ఒక మాట చేరుతుంది, వెనకాల ఉన్న భాయి మారడు. ఎందుకంటే ఉత్తరాది హిందువుల్లో వీళ్ళెవర్నీ చేసుకోరు. హిందీవాళ్ళు మనకంటే ఎక్కువ మాటలు పెట్టుకుని కూడా బావ అన్న గదిని కట్టుకోలేదు. ఆ గదితో వాళ్ళకి పనిలేదు.

ఇంగ్లీషుది మరో దారి. లాటిన్‌లో నాన్న సోదరుడు పాత్రూస్, అమ్మ సోదరుడు అవున్‌కులుస్. ఆ రెండో మాటే ఫ్రెంచి మీదుగా వచ్చి అంకుల్ అయింది, ఇద్దరికీ అదే సరిపెట్టుకున్నారు. పాత ఇంగ్లీషులోనూ ఇద్దరికీ విడివిడి మాటలుండేవి, పోయాయి. మధ్యయుగాల్లో అక్కడి చర్చి అన్ని వైపుల దగ్గరి చుట్టాలతోనూ పెళ్ళి ఒకే తీరున నిషేధించింది. 1215లో ఆ నిషేధాన్ని సడలించాక కూడా నాలుగో తరం దాకా వద్దన్నారు. ఎవర్నీ చేసుకోకూడని చోట అన్నకీ బావకీ తేడా చూపించే మాట ఎందుకు మిగులుతుంది? అది ఒక్కటే కారణమని అనను, కానీ నాకు నచ్చే వివరణ అది. "ఇంగ్లీషులో అంకుల్, ఆంటీ తప్ప ఏమున్నాయి, మన భాష ఎంత సంపన్నం" అని ఫోన్లలో తిరిగే సందేశాలు చూస్తే నాకు బాధేస్తుంది. ఆ మాటల వెనకాల ఏ పని జరిగిందో తెలియకుండా వాటిని నగల్లా చూపించుకుంటున్నాం.

ఆ పని ఎలా జరిగిందో మా ఇంట్లోనే ఉంది.

మా అమ్మమ్మకి తల్లి చిన్నప్పుడే పోయింది. ఆఖరి తమ్ముడు అప్పటికి చంటివాడు. అమ్మమ్మే ఎత్తుకుని పెంచింది, తన పెళ్ళయ్యాక అత్తారింటికి కూడా నెలల తరబడి తెచ్చి పెట్టుకునేదట. తర్వాత అమ్మమ్మకి ఇద్దరు కూతుళ్ళు పుట్టారు, మా పెద్దమ్మ, మా అమ్మ. 1968లో మా పెద్దమ్మని ఆ తమ్ముడికే ఇచ్చి చేశారు. మా వైపు అక్క కూతుర్ని చేసుకోవడం అప్పట్లో వింత కాదు. పైగా తమ్ముడుండగా పిల్లని బయటికిస్తే "మేనరికం తప్పించారు" అని అనేవాళ్ళు. మేనమామకి అదొక హక్కు. మేనకోడలి పుట్టువెంట్రుకలకి ముందు కత్తెర వేసేది మేనమామ, చెవులు కుట్టేటప్పుడు కూర్చోబెట్టుకునేది మేనమామ ఒడి, పెళ్ళిలో బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చేది మేనమామ. ఆ మోసుకొచ్చేవాడే పెళ్ళికొడుకైతే బుట్ట ఎవరు మొయ్యాలన్న ప్రశ్న వచ్చిందట. వేరే తమ్ముడు మోశాడు.

కన్యాదానంలో పెళ్ళికొడుకు కాళ్ళు కడగాలి కదా. అమ్మమ్మ నీళ్ళు పోస్తుంటే తాతయ్య కడిగాడు. మూడేళ్ళ పిల్లాడప్పుడు బావి దగ్గర అమ్మమ్మే రుద్ది రుద్ది మట్టి వదలగొట్టిన కాళ్ళవి. అమ్మమ్మ ఈ సంగతి నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ అక్కడే ఆగేది. "వాడు తల వంచుకునే ఉన్నాడ్రా" అనేది. ఆ రోజు నుంచి ఊళ్ళోవాళ్ళ ముందు అల్లుడుగారు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు "ఒరే చిన్నోడా."

పొలం సంగతి కూడా చెప్పాలి. అమ్మమ్మకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద రెండెకరాలిచ్చారు. పెద్దమ్మ పెళ్ళికి అందులో ఎకరం పెద్దమ్మకిచ్చారు. అంటే ఒక తరం కింద ఆ ఇంట్లోంచి బయటికెళ్ళిన ఎకరం మళ్ళీ ఆ ఇంటికే చేరింది. మా తాతయ్య తమాషాకి కాదు, సంతృప్తిగానే అనేవాడట, "మడి గట్టు దాటలేదు" అని. ఆడపిల్లని పంపిన ఇంటికి ఆడపిల్ల తిరిగి రావాలన్నది మేనరికం. మేనత్త ఒక ఇంటికి వెళ్తే, ఆమె కూతురో ఆమె కొడుక్కిచ్చిన కోడలో ఆ రెండిళ్ళ లెక్కని మళ్ళీ సరిచేస్తుంది. బావ, మరదలు అన్న మాటలు ఆ బాకీని గుర్తుంచుకునే మాటలు. పుట్టకముందే ఎవరికి ఎవరో భాషలో రాసి ఉంటుంది. మా పెద్దమ్మకి పెళ్ళినాటికి పదహారేళ్ళు. ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ "నీ మొగుడొచ్చాడే" అని ఇంటికొచ్చిన మేనమామని చూపిస్తూ అన్నారట. ఆ మాట వినని రోజు తనకి గుర్తు లేదంది.

ఆ పెళ్ళితో మా వరసలు చిక్కుముడి పడ్డాయి. పెద్దమ్మ భర్త కాబట్టి ఆయన నాకు పెద్దనాన్న. అమ్మకి మేనమామ కాబట్టి తాతయ్య. వాళ్ళ అబ్బాయి పెద్దమ్మ లెక్కన నాకు అన్న. మామయ్య కొడుకు కాబట్టి మా అమ్మకి బావ వరస, అమ్మకి బావ వరస అయినవాడు నాకు నాన్న తరం, బాబాయి. ఒకే మనిషి అన్నా బాబాయీ. వాళ్ళమ్మాయి ఒక దారిన అక్క, ఇంకో దారిన అత్త. మేము దగ్గరి దారే పట్టుకుని పెద్దనాన్న, అన్న, అక్క అన్నాం. అన్ని ఇళ్ళలోనూ ఇలాగే ఒక దారి ఎంచుకుని రెండోది మర్చిపోతారు. ఆ మర్చిపోవడంలోనే అసలు విషయం మరుగున పడుతుంది. "దూరపు చుట్టరికమేనండీ" అనే పెళ్ళిళ్ళలో రెండో దారి పట్టుకుని లెక్కపెడితే ఎంత దగ్గరో తెలుస్తుంది.

ఆ అక్కకి పుట్టుకతో వినపడదు. చాలా ఏళ్ళు ఎవరి దిష్టో అనీ, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందనీ అన్నారు. అక్క పెళ్ళయి కడుపుతో ఉన్నప్పుడు పెద్దమ్మ గుంటూరులో ఒక డాక్టరమ్మకి చూపించింది, తోడు నేను వెళ్ళాను. ఆవిడ మొదటి ప్రశ్నే "మేనరికమా?" అక్క పెళ్ళి కాదు, అక్క అమ్మానాన్నలది అని చెప్పాం. "బావా మరదలా, మేనమామా?" అని రెండో ప్రశ్న. మేనరికం అన్న ఒక్క మాటలో ఈ రెండూ ఇమిడిపోతాయి, కానీ డాక్టరుకి రెండూ ఒకటి కాదు. ఆవిడ కాగితం తీసుకుని మగవాళ్ళకి చతురస్రాలు, ఆడవాళ్ళకి గుండ్రాలు వేసింది. భార్యాభర్తల మధ్య ఒక అడ్డగీత. పెద్దమ్మ, పెద్దనాన్నల మధ్య మాత్రం రెండు గీతలు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళయితే రెండు గీతలు వేస్తారు.

ఆవిడ చెప్పినది ఇది. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది, కాబట్టి చెడిన ప్రతి తరతరాలుగా ఎవరికీ తెలియకుండా నడిచి వస్తుంది. తల్లీ తండ్రీ ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవాళ్ళయితే, బిడ్డకి రెండు ప్రతులూ ఆ ఒక్క పూర్వీకుడివే అయ్యే అవకాశం పెరుగుతుంది. బావామరదళ్ళ పిల్లల్లో ఏ జన్యువు తీసుకున్నా ఆ అవకాశం 16లో 1. మేనమామ, మేనకోడళ్ళ పిల్లల్లో 8లో 1. చేసుకున్న ప్రతివాళ్ళకీ ఇలా జరుగుతుందని కాదు, పెద్దమ్మ కొడుకు బాగానే ఉన్నాడు. పుట్టు చెవుడులో కొన్ని రకాలు మాత్రం సరిగ్గా ఈ దారినే వస్తాయి. పెద్దమ్మ అంతా విని ఒక్క మాట అడిగింది. "చిన్నాన్న కొడుకుని చేసుకుంటే ఎంత డాక్టరుగారూ?" ఆవిడ "బావతో సమానమే, 16లో 1" అంది. పెద్దమ్మకి అది తలకెక్కలేదు. చిన్నాన్న కొడుకు అన్న కదా, అన్నతో సమానం బావ ఎలా అవుతాడు అని దారి పొడుగునా అడుగుతూనే ఉంది. వావి తప్పకుండా చేసుకుంటే దోషం రాదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆవిడకి నేర్పింది ఏ శాస్త్రమో కాదు, పిలిచే పిలుపు.

మా పక్క వీధిలో ముస్లిం కుటుంబాలున్నాయి, ఇంట్లో తెలుగు కూడా మాట్లాడతారు. వాళ్ళలో చిన్నాన్న కూతుర్ని చేసుకోవచ్చు. మా వాళ్ళకి అది వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. హర్యానా నుంచి వచ్చిన నా సహోద్యోగికి మా మేనరికం సంగతి చెప్తే ఆయనకీ సరిగ్గా అలాగే జలదరించింది. బౌధాయన ధర్మసూత్రం మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం దక్షిణాది వాళ్ళ ఆచారమని ప్రత్యేకంగా చెప్పింది. అంటే అప్పటికే ఉత్తరాదికి ఇది వింత. 1955 హిందూ వివాహ చట్టం రాసినవాళ్ళు అన్నాచెల్లెళ్ళ పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు అని ముగ్గుర్నీ ఒకే వరసలో పెట్టి నిషేధించారు. ఆ చట్టం కళ్ళకి బన్నీ, చింటూ ఒకటే. ఆ తర్వాత ఇరువైపులా ఆచారం ఒప్పుకుంటే ఫరవాలేదని మినహాయింపు పెట్టారు. ఆ మినహాయింపు మీదే మన మేనరికాలు నిలబడ్డాయి. ఇప్పటికీ 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్ళిళ్ళు చుట్టాల మధ్యే జరిగినవి.

ఈ వరస ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మా ఊళ్ళో అందరూ అందరికీ ఏదో ఒకటి అవుతారని గొప్పగా చెప్పుకుంటాం. నిజానికి అందరూ కారు. మా నాన్న పదేళ్ళ వయసులో మా ఇంటి పాలేరుని, అరవై దాటిన మనిషిని, పేరు పెట్టి పిలిచేవాడు. ఆయన నాన్నని "అబ్బాయిగారూ" అనేవాడు. తాత అని ఎవరూ నేర్పలేదు. వరస ఊరి మధ్యలో మొదలై మాలపల్లె దగ్గరికొచ్చి ఆగిపోయేది. పెళ్ళి ఊహకైనా రాని చోటికి వరస వెళ్ళలేదు. మిగతా కులాల మధ్య పిలుపులుండేవి కానీ అవి ఎక్కువగా అన్న, అక్క, బాబాయి, పిన్ని. బావా అనేది తక్కువ, అన్నా పరాచికానికే. ఆ గది తలుపు తమ కులానికి మాత్రమే తీసి ఉండేది.

అందుకే అపార్ట్‌మెంట్లలో అంకుల్, ఆంటీ అంటుంటే తెలుగు చచ్చిపోతోందని గుండెలు బాదుకునేవాళ్ళతో నేను ఏకీభవించను. పక్కింటాయన్ని బాబాయి అనాలా మామయ్య అనాలా అన్నది తేలాలంటే పాతకాలంలో ముందు ఆయన ఎవరో తేలాలి. అంకుల్‌కి ఆ విచారణ అక్కర్లేదు. పాలేరు తాతని తాత అనలేని భాష కంటే, వాచ్‌మన్ని అంకుల్ అనగలిగే భాషలో మా అమ్మాయి పెరగడం నాకిష్టం.

అలాగని బావ అన్న మాట పోవాలని నేను కోరుకోవడం లేదు. మా అమ్మ కేక విని చింటూని బావా అని పిలవమనే చెప్పాను. మాట ఉండాలి. మాట వెనకాల ఉన్న హక్కు పోవాలి. దీన్ని ఇంట్లో ఎలా అమలు చెయ్యాలో నాకు మూడో రోజు తెలిసింది. దూరపు చుట్టమొకాయన వచ్చి, మా అమ్మాయి గడ్డం పట్టుకుని, "ఏమ్మా, మీ బావని చేసుకుంటావా? కట్నం అక్కర్లేదంట" అన్నాడు. అందరూ నవ్వారు. చింటూ లేచి బయటికెళ్ళిపోయాడు. మా అమ్మాయి నా వైపు చూసింది. మంచం మీద కూర్చున్న పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "దానికి తొమ్మిదేళ్ళు, ఆ మాటలనకు" అంది. నేను చెప్పాల్సిన మాట ఆవిడ చెప్పింది. వచ్చినాయన ఇబ్బందిగా కండువా సర్దుకున్నాడు. ఆయనకి అది ముద్దు, ఆయన చిన్నతనంలోనూ అంతే అని ఉంటారు. పెద్దమ్మకి తెలుసు ఆ ముద్దు ఎక్కడిదాకా వెళ్తుందో.

ఆ సాయంత్రం మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని డాక్టరమ్మ వేసినట్టే బొమ్మ వేశాను. చతురస్రాలు, గుండ్రాలు. తన దగ్గర్నుంచి బన్నీ దాకా పెన్సిలుతో లెక్కపెట్టమన్నాను. "నేను, నువ్వు ఒకటి. తాతయ్య రెండు. పెద్దనాన్న మూడు. బన్నీ అన్నయ్య నాలుగు." తర్వాత చింటూ దాకా. "నువ్వు, తాతయ్య, అత్త, చింటూ బావ. ఇదీ నాలుగే." రెండూ నాలుగే, కానీ పాతకాలంలో ఒక దారిలో పెళ్ళి వద్దన్నారు, ఒక దారిలో కావాలన్నారు, ఆ గుర్తుకే రెండు మాటలు అని చెప్పాను. సరే అన్నట్టు తలూపింది.

తర్వాత కాగితం పైభాగానికి వెళ్ళి పెద్దమ్మ, పెద్దనాన్నల మధ్య రెండు గీతల మీద వేలు పెట్టి ఇవేంటంది. చెప్పాను. వాటి కింద ఉన్న గుండ్రం చూపించి, "అత్తకి వినపడదు కదా, అది ఇందులో ఎక్కడ రాస్తారు?" అనడిగింది. రాయరు, ఆ గుండ్రం నింపుతారు అన్నాను. నా చేతిలో పెన్సిలు తీసుకుని, కాగితం మీదకి బాగా వంగి, గీత దాటకుండా మెల్లగా నింపింది.